పేరున్న వక్తను పరిచయం చేయాలా? "పరిచయం అక్కర్లేని వ్యక్తి" బదులు ఏం చెప్పాలి, ఏ పద్ధతి ఎప్పుడు పనికొస్తుంది

మైక్ ముందుకొచ్చి "వీరు పరిచయం అక్కర్లేని వ్యక్తి" అని, ఆ వెంటనే కాగితం విప్పి ఐదు నిమిషాలు పరిచయం చేయడం మీరు ఎన్నో సభల్లో చూసే ఉంటారు. అక్కర్లేదన్న పనినే ఎందుకు చేస్తున్నారో వినేవాళ్ళకి అర్థం కాదు. ఆ కాగితం పూర్తయ్యేలోపు సగం మంది ఫోన్లు చూసుకుంటూ ఉంటారు. పాపం ఆ వక్త కుర్చీలో కూర్చుని, ముఖంలో ఏ భావం పెట్టుకోవాలో తెలియక నేల చూస్తూ ఉంటారు.

ఈ మాట నోటికి ఎందుకొస్తుందో నాకు తెలుసు, నేనూ కొన్నేళ్ళు అన్నాను. అందరికీ తెలిసిన మనిషి గురించి నేను కొత్తగా ఏం చెప్తాను, తెలిసిందే చెప్తే విసుక్కుంటారేమో, తక్కువ చెప్తే ఆయన నొచ్చుకుంటారేమో అన్న టెన్షన్‌లో ఆ వాక్యం ఒక చేతికర్రలా దొరుకుతుంది. కానీ ఒక్కసారి ఆలోచించండి, ఒక మనిషి "అందరికీ తెలుసు" అంటే నిజానికి ఏం తెలుసు? పేరు తెలుసు, ముఖం తెలుసు, చేసిన పనుల్లో ఒకటో రెండో తెలుసు. ఆ మనిషి ఈ రోజు ఈ విషయం మీద, మన ముందు ఎందుకు మాట్లాడుతున్నారన్నది మాత్రం చాలామందికి తెలియదు. పేరున్న వక్తకు పరిచయం అవసరమయ్యేది సరిగ్గా అక్కడే. ఇంకో సంగతి, హాల్లో ఆయన ఎవరో తెలియనివాళ్ళు ఎప్పుడూ కొందరు ఉంటారు, స్నేహితుడితో కలిసి వచ్చినవాళ్ళు, ఈ రంగానికి కొత్తవాళ్ళు. "పరిచయం అక్కర్లేదు" అన్నప్పుడు వాళ్ళకి మాత్రం "మీకు తెలియకపోవడం మీ తప్పు" అన్నట్టు వినిపిస్తుంది.

పద్ధతుల్లోకి వెళ్ళేముందు ఒక చిన్న పరీక్ష చెప్తాను, దీని మీదే మిగతాదంతా నిలబడుతుంది. మీరు రాసుకున్న పరిచయంలో వక్త పేరు కొట్టేసి ఇంకో ప్రముఖుడి పేరు పెట్టి చదవండి. వాక్యం అప్పుడు కూడా చక్కగా అతికితే దాన్ని తీసేయండి. "బహుముఖ ప్రజ్ఞాశాలి", "ఎంత చెప్పినా తక్కువే", "వీరి గురించి చెప్పడమంటే సూర్యుడికి దివిటీ చూపించడమే", "మృదుస్వభావి, స్నేహశీలి, నిరాడంబరులు", "తమ అమూల్యమైన సమయాన్ని మనకోసం వెచ్చించి విచ్చేసిన" వగైరాలన్నీ ఈ పరీక్షలో ఒక్కొక్కటిగా రాలిపోతాయి. వీటిలో అబద్ధం ఉందని కాదు. ఎవరికైనా సరిపోయే మాట ఎవరి గురించీ ఏమీ చెప్పదు, అంతే. ఒక పేజీ పరిచయానికి ఈ పరీక్ష పెడితే తరచుగా మూడు నాలుగు వాక్యాలే మిగులుతాయి, కొన్నిసార్లు ఒక్కటీ మిగలదు. మిగలకపోతే మీరు ఇంకా ఆ వక్త గురించి తెలుసుకోవాల్సింది ఉందని అర్థం.

ఇక ఎంపిక. పేరున్న వక్తను పరిచయం చేయడానికి నా లెక్కలో నాలుగు దారులున్నాయి: పేరు మాత్రం ప్రకటించడం, బయోడేటా చదవడం, ఒక సంఘటన చెప్పడం, విషయంతో మొదలుపెట్టి మనిషి దగ్గరికి రావడం. నాలుగూ ఎక్కడో ఒకచోట పనికొచ్చేవే, ఎక్కడన్నదే ప్రశ్న.

మొదటిది, పేరు మాత్రం ప్రకటించడం. అన్నిటికంటే పొట్టిది, అన్నిటికంటే ధైర్యం కావాల్సింది కూడా. అమెరికా అధ్యక్షుడు ఏదైనా వేదిక మీదకి వస్తున్నప్పుడు జరిగేది గమనించండి: "సభికులారా, అమెరికా సంయుక్త రాష్ట్రాల అధ్యక్షులు" అని ఒక్క ప్రకటన, అంతే, చాలాసార్లు ఆ ప్రకటనలో పేరు కూడా ఉండదు. పదవి ఎంత పెద్దదైతే మాటలు అంత తగ్గుతాయన్నది అక్కడి మర్యాద. "పరిచయం అక్కర్లేదు" అన్నది మీరు మనస్ఫూర్తిగా నమ్మితే దాన్ని నిజాయితీగా పాటించే పద్ధతి ఇదే, ఆ మాట అనకుండా అది చేసి చూపించడం. వచ్చినవాళ్ళందరూ ఆ ఒక్కరి కోసమే వచ్చి, హాలు అప్పటికే సద్దుమణిగి, వక్త మెట్ల దగ్గర సిద్ధంగా నిలబడి ఉంటే దీన్ని మించింది లేదు.

కానీ హాలు ఇంకా సర్దుకోకపోతే ఇది ఘోరంగా దెబ్బతింటుంది. పరిచయం చేసే అర నిమిషంలో జనం కుర్చీల్లో కుదురుకుంటారు, వెనక మాటలు ఆగుతాయి, వక్త నీళ్ళు తాగి ఊపిరి పీల్చుకుంటారు. పేరు మాత్రం ప్రకటిస్తే ఆ వ్యవధి అంతా వక్త నెత్తిన పడుతుంది, ఆయన మొదటి రెండు వాక్యాలు గోలలో కొట్టుకుపోతాయి. అందుకే ఈ పద్ధతి ఎంచుకునేవాళ్ళు ముందు పది సెకన్లు మౌనంగా నిలబడగలగాలి. అది చేతకాదనుకుంటే పేరుకి ముందు ఈ రోజు విషయం ఏమిటో ఒక్క వాక్యం చేర్చుకోండి.

రెండోది బయోడేటా. పదవులు, అవార్డులు, డిగ్రీలు, పుస్తకాల సంఖ్య. దీని మీద నాకు పెద్దగా మంచి అభిప్రాయం లేదు, అయినా ఎక్కడ కావాలో చెప్తాను. వక్త పేరున్నవాడే అయినా ఈ రోజు మాట్లాడే రంగంలో ఆయన అర్హత జనానికి తెలియనప్పుడు కావాలి. ఉదాహరణకి నటుడిగా అందరికీ తెలిసిన మనిషి నిజంగా వైద్యం చదివి, ఆసుపత్రిలో పదేళ్ళు పనిచేసి, ఇప్పుడు డాక్టర్ల ముందు మాట్లాడుతుంటే ఆ చదువు, ఆ పదేళ్ళు చెప్పి తీరాలి, చెప్పకపోతే మొదటి పావుగంట జనం "ఈయనకేం తెలుసు" అన్న అనుమానంలోనే గడిపేస్తారు. అప్పుడు కూడా రెండు వివరాలు చాలు. కాగితం మీద జాబితా చూసేవాడు వెనక్కి వెళ్ళి మళ్ళీ చదువుకోగలడు, చెవితో వినేవాడికి ఆ వీలు లేదు, నాలుగో అవార్డు దగ్గరికొచ్చేసరికి మొదటిది మర్చిపోతాడు. మొత్తం జాబితా ఇవ్వాలనిపిస్తే కార్యక్రమం కరపత్రంలో అచ్చేయండి.

బయోడేటాలో ఇంకో ప్రమాదం, అది పాతబడి ఉంటుంది. వక్త ఆఫీసు నుంచి వచ్చిన కాగితమైనా సరే అందులో వదిలేసిన పదవి ఉండొచ్చు, మారిన సంస్థ పేరు ఉండొచ్చు. తప్పు చదివితే దిద్దుకోవాల్సిన ఇబ్బంది వక్తది అవుతుంది, అది మాట మొదలుపెట్టడానికి చాలా చెడ్డ చోటు.

మూడోది సంఘటన చెప్పడం. జనానికి ఎక్కువ నచ్చేది ఇదే. ఒక చిన్న నిజమైన ముచ్చట వందరకాల విశేషణాల పని చేస్తుంది, పైగా పేరు మార్పిడి పరీక్షలో దానంతటది నెగ్గుతుంది, ఎందుకంటే జరిగింది ఒక్కరికే. అయితే ఇందులో మూడు గుంటలున్నాయి. ముచ్చట మెల్లగా పరిచయం చేసేవాడి గురించి అయిపోతుంది: "నేను వారిని మొదటిసారి కలిసినప్పుడు" అని మొదలై, ఆ రోజు నేనేం వేసుకున్నాను, నేనెంత భయపడ్డాను దాకా పోతుంది. రెండోది, ఇంటర్నెట్లో దొరికిన ముచ్చట నిజం కాకపోవచ్చు, పేరున్నవాళ్ళ చుట్టూ కల్పితాలు ఎక్కువ. మూడో గుంటలో నేనే పడ్డాను.

చాలాకాలం క్రితం ఒక పెద్దావిడ, తన రంగంలో బాగా పేరున్న శస్త్రవైద్యురాలు, ఒక సభకి వచ్చారు. నేను కష్టపడి ఆవిడ పాత ఇంటర్వ్యూలు వెతికి, మొదటి ఆపరేషన్ రోజు కరెంటు పోయిన సంఘటన ఒకటి పట్టుకుని, రక్తి కట్టేలా చెప్పాను. జనం బాగా చప్పట్లు కొట్టారు. ఆవిడ మైక్ దగ్గరికొచ్చి కొన్ని క్షణాలు కాగితం చూసి, మొదటి పేజీ తిప్పేసి రెండో పేజీ నుంచి మొదలుపెట్టారు. తర్వాత టీ తాగేటప్పుడు ఎంతో మృదువుగా చెప్పారు, ఆ సంఘటనతోనే ఆవిడ ప్రసంగం మొదలవ్వాల్సిందట. నేను ఆవిడ తలుపు ముందే తీసేశాను. అప్పటినుంచి సంఘటన వాడాలనుకుంటే ముందు వక్తకి ఫోన్ చేసి "ఇది మీరు చెప్పబోతున్నారా, నేను చెప్పొచ్చా" అని అడగకుండా ఒక్కసారీ వాడలేదు.

నాలుగోది విషయంతో మొదలుపెట్టడం, పది సభల్లో ఏడెనిమిదింటికి నేను ఎంచుకునేది. ఇక్కడ వరస తిరగబడుతుంది. ముందు కూర్చున్నవాళ్ళకి పట్టే ఒక సమస్యో ప్రశ్నో, తర్వాత ఆ ప్రశ్నతో ఈ వక్తకున్న సంబంధం, ఆఖరున పేరు. మామూలుగా మనం పేరుతో మొదలుపెట్టి గొప్పలన్నీ చెప్పి చివర్లో హడావిడిగా "ఇప్పుడు వారు ఫలానా విషయం మీద మాట్లాడతారు" అంటాం, అంటే వినేవాళ్ళకి కావాల్సింది ఆఖరి మూడు సెకన్లలో వస్తుంది. దాన్ని ముందుకి తెస్తే జనం వక్త కోసం కాకపోయినా ఆ ప్రశ్న కోసం చెవి పెడతారు. పేరున్న మనిషికైతే ఈ వరస ఇంకా బాగా పనిచేస్తుంది, ఎందుకంటే ఎవరో అందరికీ తెలిసినా "ఈయనకీ ఈ ప్రశ్నకీ ఏం సంబంధం" అన్న ఆసక్తి అలాగే ఉంటుంది. దీనికున్న ఇబ్బంది ఒక్కటే, పని ఎక్కువ. వక్త ఏం మాట్లాడబోతున్నారో, ఎదురుగా ఎవరు కూర్చుంటారో రెండూ తెలియాలి. ప్రసంగం విషయం ఆఖరి నిమిషం దాకా తేలకపోతే ఈ పద్ధతి జోలికి పోవద్దు, మీరు ఒకటి ఊరించి ఆయన ఇంకొకటి మాట్లాడితే ఇద్దరూ ఇరుకున పడతారు.

మాటల్లో చెప్తే తేలిగ్గానే ఉంటుంది కాబట్టి ఒక పేరు తీసుకుని చేసి చూద్దాం. అందరికీ తెలిసిన పేరు కావాలి, వివరాల్లో అనుమానం ఉండకూడదు. మేరీ క్యూరీ గారు మన సభకి వస్తున్నారనుకోండి. వచ్చినవాళ్ళు ఆసుపత్రుల్లో ఎక్స్‌రే తీసే టెక్నీషియన్లు, ఆవిడ మాట్లాడబోయేది మొదటి ప్రపంచయుద్ధంలో తన పని గురించి.

చేతికి మొదట వచ్చే పరిచయం ఇలా ఉంటుంది: "పరిచయం అక్కర్లేని మహా శాస్త్రవేత్త, 1903లో భౌతికశాస్త్రంలో, 1911లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన ఘనులు, పొలోనియం, రేడియం కనుగొన్న ప్రతిభాశాలి, ఎందరికో స్ఫూర్తిప్రదాత." ఇందులో తేదీలన్నీ సరైనవే. రెండు వేర్వేరు విజ్ఞానశాస్త్రాల్లో నోబెల్ అందుకున్న మనిషి ఈనాటికీ ఆవిడ ఒక్కరే కాబట్టి ఆ వాక్యం పేరు మార్పిడి పరీక్షలో కూడా నెగ్గుతుంది. అయినా ఈ సభకి అది పనికిరాదు. ఆ రెండు బహుమతుల సంగతి ఎక్స్‌రే టెక్నీషియన్లకి బళ్ళోనే తెలుసు, పైగా ఈ రోజు ప్రసంగానికీ వాటికీ సంబంధం లేదు. అంటే పేరు మార్పిడి పరీక్ష ఒక్కటే చాలదు, దాని తర్వాత "ఈ రోజు విషయానికి ఇది తలుపు తీస్తుందా" అని కూడా అడగాలి.

ఇప్పుడు నాలుగో పద్ధతిలో రాస్తే:

"1914లో యుద్ధం మొదలైంది. సైనికుడి ఒంట్లో తూటా ఎక్కడ దిగిందో చూడాలంటే ఎక్స్‌రే కావాలి, యంత్రాలేమో యుద్ధభూమికి దూరంగా ఆసుపత్రుల్లో ఉన్నాయి. దెబ్బతిన్నవాళ్ళని అంత దూరం మోసుకుపోయే బదులు యంత్రాన్నే బండెక్కించి వాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళారు ఒకావిడ. ఆ బండి ఇంజనుతోనే కరెంటు పుట్టించారు. యంత్రం నడిపేవాళ్ళు చాలకపోతే దాదాపు 150 మంది ఆడవాళ్ళకి ఆ పని నేర్పించారు. మీరు రోజూ చేసే పనిని యుద్ధం మధ్యలో ఎలా చేశారో ఆవిడే చెబుతారు. మేరీ క్యూరీ గారు."

చదివి చూడండి, తొందరపడకుండా చదివినా ముప్పావు నిమిషం పట్టదు. ఒక్క విశేషణం లేదు. "మీరు రోజూ చేసే పని" అన్న ముక్క దగ్గర కూర్చున్నవాళ్ళు తమని తాము అందులో చూసుకుంటారు. పేరు చివరి దాకా ఆగింది కాబట్టి చప్పట్లు కూడా సరిగ్గా పేరు మీదే పడతాయి. మధ్యలో పేరు చెప్పేస్తే అప్పుడే చప్పట్లు మొదలై మిగతా వాక్యాలు వినపడవు, ఇది ఎన్నోసార్లు జరగడం చూశాను.

అదే మనిషి, సభ మారింది, ఇప్పుడు కూర్చున్నది రసాయనశాస్త్రం విద్యార్థులు. యుద్ధం సంగతి వదిలేయాలి. "1898లో రేడియం అనే కొత్త మూలకం ఉందని ప్రకటించారు, దాన్ని అప్పటికి ఎవరూ విడిగా చూడలేదు. చూపించడానికి టన్నులకొద్దీ ఖనిజాన్ని ఒక పాత షెడ్డులో మరగబెట్టి, వడకట్టి, మళ్ళీ మరగబెట్టారు. 1902 నాటికి చేతికొచ్చిన రేడియం లవణం గ్రాములో పదో వంతు. ల్యాబ్‌లో మీ ప్రయోగం మూడోసారి కూడా కుదరనప్పుడు ఏం చేయాలో చెప్పడానికి వచ్చారు, మేరీ క్యూరీ గారు." ఇక్కడ బలమంతా టన్నులకీ గ్రాములో పదో వంతుకీ మధ్య ఉన్న దూరంలో ఉంది. ఆ అంకెలు రెండూ పక్కపక్కన పెట్టాక "అకుంఠిత దీక్ష" అన్న మాట చెప్పక్కర్లేదు, చెప్తే బరువు తగ్గుతుంది కూడా.

ఆవిడ స్మారక ప్రసంగం ఇవ్వడానికి వచ్చి, హాలు నిండి, జనం అప్పటికే లేచి నిలబడి ఉంటే? అప్పుడు ఈ రెండూ పక్కనపెట్టి మొదటి పద్ధతికి వెళ్ళిపోండి. "మేరీ క్యూరీ గారు" అని చాలు.

కాబట్టి ఎంచుకునేటప్పుడు నేను చూసేది ఇది. జనం ఈ మనిషి కోసం వచ్చారా, విషయం కోసం వచ్చారా? మనిషి కోసమైతే పేరు ప్రకటించి తప్పుకోండి. విషయం కోసమైతే, లేదా వాళ్ళకి తెలిసిన పనికీ ఈ రోజు ప్రసంగానికీ పొంతన కుదరకపోతే, నాలుగో పద్ధతి. జనానికి అర్హత మీద అనుమానం ఉండే అవకాశం ఉంటే నాలుగో పద్ధతిలోనే మధ్యలో బయోడేటా నుంచి ఒకటి రెండు వివరాలు కలపండి. సంఘటన మాత్రం వక్తతో మాట్లాడే వీలు మీకున్నప్పుడే. వీలు లేకపోతే అది ఎంత బాగున్నా వదిలేయండి, నా అనుభవం మీకు చెప్పాను కదా.

ఏది ఎంచుకున్నా వక్తకి ముందురోజు ఒక ఫోన్ చేయడం మానకండి. నేను అడిగేవి మూడే: మీ పేరు మీరు ఎలా పలుకుతారు, మొదట ఏం చెప్పబోతున్నారు, మీ గురించి అందరూ చెప్పేవాటిలో మీరు విని విని విసిగిపోయింది ఏది? ఆఖరి ప్రశ్న పేరున్నవాళ్ళకి ఎంత ఇష్టమో చెప్పలేను. ప్రతి సభలో అదే బిరుదు, అదే పాత విజయం వింటూ కూర్చునే మనిషి, ఆ ఒక్కటి వద్దని చెప్పే అవకాశం ఇస్తే ఎంతో సంతోషిస్తారు, ఆ మాటల్లోనే చాలాసార్లు మీకు కావాల్సిన కొత్త వివరం కూడా దొర్లిపోతుంది.

ఇంకో జాగ్రత్త ఉంది, అది పొగడ్త కన్నా ఎక్కువ హాని చేస్తుంది: వక్త తరఫున మాట ఇవ్వడం. "వీరు మాట్లాడుతుంటే మీరు కడుపుబ్బ నవ్వుతారు", "ఈ ప్రసంగం మీ జీవితాన్ని మార్చేస్తుంది" అంటే ఆ బరువు మోయాల్సింది ఆయన. ఆ రోజు ఆయన గంభీరమైన విషయం మాట్లాడాలనుకుంటే జనం నవ్వు కోసం ఎదురుచూస్తూ అసలు మాట వదిలేస్తారు.

మీ పరిచయం కుదిరిందో లేదో తెలుసుకోవడానికి చప్పట్లు లెక్కపెట్టొద్దు, వక్త మొదటి వాక్యం వినండి. "మిత్రులు నా గురించి చాలా ఎక్కువ చెప్పారు, అంతటివాణ్ణి కాను" అని మొదలుపెడితే మీరు వేసిన బరువుని ఆయన ముందు దింపుకోవాల్సి వచ్చిందన్నమాట. "ఇందాక చెప్పినదాంట్లో చిన్న సవరణ" అంటే వివరం తప్పింది. రాగానే నేరుగా విషయంలోకి దిగితే, అందులోనూ మీరు వదిలిన ప్రశ్నని చేతిలోకి తీసుకుని దాంతోనే మొదలుపెడితే, అది కుదిరింది.

పేరు చెప్పేటప్పుడు కాగితం వైపు చూడకండి, జనం వైపు చూసి గట్టిగా చెప్పి, అప్పుడు వక్త వైపు తిరగండి. చాలామంది పేరు చెప్తూనే తిరిగిపోతారు, మైక్‌కి ముఖం తప్పి ఆ ఒక్క ముఖ్యమైన మాటే సగం వినపడకుండా పోతుంది. ఆయన మైక్ దగ్గరికొచ్చేదాకా అక్కడే నిలబడి, ఎత్తు సరిచేసి ఇచ్చి, మీ కాగితం మీరు తీసుకుని పక్కకి వచ్చేయండి.